జీతం లేని చదువు: ఆదోని, ఎమ్మిగనూరులో ఉల్లాస్ వాలంటీర్ ఎన్ని రోజులు నిలబడతాడు?

కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం ఉల్లాస్ గడువు 2027 మార్చితో ముగుస్తుంది. 2022లో మొదలైన ఈ పథకం లక్ష్యం ఐదేళ్లలో దేశవ్యాప్తంగా 5 కోట్ల మందికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పించడం. దానికి పెట్టిన ఖర్చు కేంద్రం, రాష్ట్రాల వాటా కలిపి 1,037.90 కోట్లు. కోట్ల లెక్క వినగానే పెద్దదిగా అనిపిస్తుంది గానీ, ఒక్కో మనిషికి భాగించి చూడండి. సుమారు 207 రూపాయలు. సర్వే, పుస్తకం, శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ అందులోనే. పాఠం చెప్పే మనిషికి మాత్రం అందులో ఒక్క రూపాయి కూడా లేదు. అతను వాలంటీర్. ఆమె వాలంటీర్. పథకం మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఆ మాటతోనే మన రాష్ట్రంలో మొదటి చిక్కు వచ్చిపడింది. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక గల్లీకి వెళ్లి "అమ్మా, నేను వాలంటీర్‌ని" అంటే, ఎదుటి మనిషి అడిగే మొదటి ప్రశ్న చదువు గురించి ఉండదు. "పింఛన్ సంగతేందప్పా, మళ్లీ మీరే ఇస్తారా?" అని అడుగుతారు. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ ఆ మాటకు కొత్త అర్థం తెచ్చింది. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5 వేల గౌరవ వేతనం, ఇంటికొచ్చి పింఛన్. వాళ్లు నిజానికి ఉద్యోగులా, సేవకులా అన్నది చివరిదాకా తేలలేదు. 2021 ఫిబ్రవరిలో వేతనం పెంచాలని వాళ్లు రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు సేవ అని అప్పటి ప్రభుత్వం చెప్పింది. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి ఎన్నికల సంఘం వాళ్లను తప్పించింది. ఆ ఏడాది జూలై నుంచి సచివాలయ సిబ్బందే ఇళ్లకు వెళ్లి ఇస్తున్నారు. ఇప్పుడు అదే గల్లీల్లో, అదే వయసు పిల్లలను, అదే పేరుతో పిలిచి "ఈసారి డబ్బులేమీ ఉండవు" అని చెప్పాలి. ఆ మాట మొదటి రోజే సూటిగా చెప్పాలి. "ముందు చేరండి, తర్వాత ఏదైనా వస్తుందేమో" అన్న ఆశ చూపించి చేర్చుకున్న బృందం మూడో నెల దాటదు.

డబ్బు ఇచ్చి నడిపిన అనుభవమూ మనకు ఉంది. 2009లో మొదలై 2018 మార్చి 31తో ముగిసిన సాక్షర భారత్ పథకంలో ఊరూరా విద్యా కేంద్రాలు, వాటికి ప్రేరక్‌లు ఉండేవాళ్లు. నెలకు 2 వేలు. అంటే అప్పుడు ఒక ప్రేరక్‌కు ఒక నెలలో ఇచ్చిన డబ్బు, ఇప్పుడు పది మంది నేర్చుకునేవాళ్లకు పథకం మొత్తం మీద పెట్టే ఖర్చుతో సమానం. ఆ 2 వేలు జీతం అనడానికి చాలదు, సేవ అనడానికి ఎక్కువ. తీసుకునేవాడికి గౌరవం లేదు, ఇచ్చేవాడికి నమ్మకం లేదు. పైసా లేని పని కంటే అరకొర పైసలున్న పని ఒక్కోసారి మనసును ఎక్కువ విరుస్తుంది. ఎందుకంటే అప్పుడు మనిషి తన గంటకు ధర కట్టుకోవడం మొదలుపెడతాడు, ఆ ధర చాలా తక్కువగా తేలుతుంది.

మరి అసలు జీతం లేకుండా ఇంత పెద్ద పని ఎప్పుడైనా జరిగిందా? జరిగింది. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 1989లో సుమారు 20 వేల మంది వాలంటీర్లు ఏడాది పాటు ఉచితంగా పాఠాలు చెప్పారు. 1990 ఫిబ్రవరిలో దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా దాన్ని ప్రకటించారు. మన దగ్గర నెల్లూరు జిల్లాలో 1991లో అదే తీరులో ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి, చదువుకున్న పిల్లలు రాత్రిపూట లాంతర్ల కింద పాఠాలు చెప్పారు. ఆ వాచకంలో "అ అంటే అమ్మ" దగ్గరే ఆగిపోలేదు. తాగుబోతు భర్త, కూలి డబ్బు, సారాయి దుకాణం వంటి వాళ్ల బతుకు కథలే పాఠాలయ్యాయి. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారాయి అమ్మకాన్ని ఆపించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది.

ఈ కథను అందరూ మహిళా శక్తికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. అయితే వాలంటీర్ల బృందాన్ని నడిపేవాళ్లు ఇందులో చూడాల్సింది ఇంకొకటి ఉంది. నెల్లూరులో పాఠం చెప్పిన కుర్రాడికి సాయంత్రం పాఠం పొద్దున ఏమైందో కళ్లెదుట కనిపించింది. నిన్న చదివినామె ఇవాళ దుకాణం ముందు నిలబడింది. అతనికి ఎవరూ ప్రోత్సాహక ప్రసంగం ఇవ్వాల్సిన పని లేకుండా పోయింది. రెండో సంగతి, ఆ ఉద్దేశం పైనుంచి దిగింది కాదు. అధికారులు అక్షరాస్యత అడిగారు, ఆడవాళ్లు దాన్ని తీసుకుని తమకు కావాల్సిన వైపు తిప్పుకున్నారు. జీతం లేని మనుషులతో పని చేయించుకునే నాయకుడు ఈ తిప్పుకోవడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అతనికి మిగిలేది హాజరు పట్టిక మాత్రమే.

ఇప్పుడు మన పడమటి కర్నూలుకు వద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగింది. మహిళల్లో సగం మందికి కూడా చదువు లేదు. జిల్లాలో కూడా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు మండలాలు మరీ వెనక. కారణం అందరికీ తెలిసిందే. వాన మీద ఆధారపడిన పత్తి, వేరుశనగ. వాన తప్పితే వలస. పత్తి తీతలు అయ్యాక, డిసెంబరు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు, పల్నాడు మిర్చి చేలకు వెళ్తాయి. ఉగాదికి అటూ ఇటూ తిరిగొస్తాయి. కొన్ని ఊళ్లలో ఆ నాలుగు నెలలూ ముసలివాళ్లు, తాళాలే మిగులుతాయి.

ఈ క్యాలెండర్ పక్కన ఉల్లాస్ క్యాలెండర్ పెట్టి చూస్తే సమస్య కనిపిస్తుంది. సుమారు 200 గంటలు నేర్చుకున్నాక ఒక పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆ పరీక్ష 2024లో మార్చి 17న, 2025లో మార్చి 23న జరిగింది. మార్చిలో మన కోసిగి ఆడకూతురు ఎక్కడ ఉంటుంది? మిర్చి కోస్తూ ఉంటుంది. అక్టోబరు నుంచి ఆమెకు ఓపిగ్గా గుణింతాలు నేర్పిన వాలంటీర్ డిసెంబరులో ఖాళీ అరుగు చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ రోజు పోయిన ఉత్సాహాన్ని తర్వాత ఏ సర్టిఫికెట్టూ తిరిగి తేలేదు. తప్పు అతనిదీ కాదు, ఆమెదీ కాదు. తేదీలు వేసినవాళ్లది.

ఒక గుంపు లెక్క

ఆదోనిలో ఒక గల్లీలో పది మంది నేర్చుకునే ఆడవాళ్ల గుంపు అనుకుందాం. సగం మంది ఇళ్లలో తెలుగు, సగం మంది ఇళ్లలో ఉర్దూ. 200 గంటలు పూర్తి కావాలి. రోజుకు గంటన్నర అంటే 133 తరగతులు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఒక్కతే ఈ 133 తరగతులూ చెప్పాలంటే వారానికి ఐదు సాయంత్రాల చొప్పున ఆరు నెలలు పైగా పడుతుంది. మధ్యలో ఆమెకు సెమిస్టర్ పరీక్షలు, ఇంట్లో పెళ్లి, జ్వరం. మొదటి నెల ఉత్సాహంగా వస్తుంది, రెండో నెల అలసిపోతుంది, మూడో నెలలో "అన్నా, ఈ వారం రాలేను" అని మెసేజ్ పెడుతుంది, నాలుగో నెలలో ఆ మెసేజ్ కూడా ఉండదు. చాలా చోట్ల పని ఆగిపోయేది ఇలాగే. ఆమెకు నిబద్ధత లేదని సమన్వయకర్త మీటింగులో అంటాడు. లెక్క వేసుకోకుండా ఒక మనిషి మీద 133 సాయంత్రాలు పెట్టింది ఎవరన్నది మాత్రం ఆ మీటింగులో రాదు.

అదే గుంపుకు ముగ్గురిని పెడితే ఒక్కొక్కరికి 44, 45 తరగతులు. వారానికి రెండు సాయంత్రాలు, అంతకు మించి లేదు. ఒకరికి పరీక్షలైతే మిగతా ఇద్దరు సర్దుకుంటారు. అనువుగా ఉండటం అంటే "మీకు వీలున్నప్పుడు రండి" అనడం కాదు. అలా అంటే ఎవరూ రారు. ఎవరి రోజు ఏదో ముందే తెలిసి ఉండాలి, ఆ రోజు రాలేకపోతే ఎవరిని అడగాలో తెలిసి ఉండాలి, అడగడానికి సిగ్గుపడాల్సిన పని ఉండకూడదు. సెలవు కూడా అంతే. "పరీక్షలు మే 10 దాకా, 12న నేను వస్తాను" అని తిరిగొచ్చే తేదీతో తీసుకున్న సెలవు బృందాన్ని దెబ్బతీయదు. తేదీ లేని సెలవు అంటే మానేయడమే, అది మొహమాటంగా చెప్పిన మాట.

ముగ్గురు చెప్పేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. సోమవారం ఎక్కడ ఆపారో బుధవారం వచ్చినామెకు తెలియదు. దానికి యాప్ అక్కర్లేదు, ఒక ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు. తరగతి అయ్యాక రెండు లైన్లు రాయాలి: ఏ పేజీ దాకా వచ్చాం, ఎవరు ఎక్కడ తడబడ్డారు. "ముగ్గురికి ఒత్తులు రావడం లేదు, మళ్లీ చెప్పాలి" అని ఉంటే తర్వాతి మనిషికి దారి దొరుకుతుంది. ఆ నోటుబుక్కు ఇంకో పని కూడా చేస్తుంది. నెలాఖరుకు సమన్వయకర్త వచ్చి దాన్ని కూర్చుని చదివితే, తాము చేసిన పని ఎవరో చూశారని వాలంటీర్లకు తెలుస్తుంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టమనడానికీ, రాసింది చదివి "ఒత్తులకు ఏం చేశారమ్మా?" అని అడగడానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు నెలల లెక్క. వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక ఏప్రిల్ మధ్యలో మొదలుపెడితే సెప్టెంబరు మూడో వారానికి 22, 23 వారాలు. అందులో విత్తనాల రోజులు రెండు మూడు వారాలు తీసేయండి, ఎవరూ రారు. మిగిలిన 20 వారాల్లో ఐదు రోజుల చొప్పున గంటన్నర అంటే 150 గంటలే. యాభై తక్కువ. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు కలిపితే 190 అవుతుంది. మిగిలిన పది గంటలు చివరి పదిహేను రోజుల్లో తీరతాయి. అంటే సెప్టెంబరులో పరీక్ష పెడితేనే ఈ లెక్క కుదురుతుంది, అదీ బిగుతుగా. మార్చి పరీక్షే దిక్కు అయితే, అక్టోబరు నవంబరుల్లో కొంత చెప్పుకున్నా చివరికి పరీక్ష గుంటూరు వైపు రాయించాల్సిందే. ఒక జిల్లాలో పేరు నమోదైన మనిషి వలస వెళ్లిన జిల్లాలో పరీక్ష రాసే ఏర్పాటు చేయించడం వాలంటీర్ పని కాదు. అది జీతం తీసుకునే అధికారుల పని. దాన్ని వాళ్లు చేయకుండా వాలంటీర్‌ను "ఎందుకు పది మందిలో నలుగురే రాశారు?" అని నిలదీయడం బృందాన్ని చెదరగొట్టడానికి దగ్గరి దారి.

పడమటి మండలాల్లో ఊరి పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ వాలంటీర్ కూడా వలస వెళ్తుంది. ఇంటర్ దాకా చదివిన కోడలు పిల్ల అందరితో పాటు మిర్చికి పోతుంది. దీన్ని నష్టంగా కాకుండా అవకాశంగా చూడొచ్చు. ఒక ఊరి కూలీలు సాధారణంగా ఒకే మేస్త్రీ కింద, ఒకే చేను దగ్గర గుడిసెలు వేసుకుంటారు. గుంపుతో పాటు గురువు కూడా అక్కడే ఉన్నట్టు. కోతల రోజుల్లో కొత్త పాఠం ఎలాగూ సాగదు, ఒళ్లు నొప్పులతో ఎవరికీ ఓపిక ఉండదు. కానీ వారానికి ఒకరోజు, కూలి లెక్క రాసుకునేటప్పుడు, ఎన్ని కిలోలు కోశామో ఎవరిది వాళ్లే రాసుకోవడం మొదలుపెడితే నేర్చుకున్నది పోదు. మేస్త్రీ లెక్కకూ తన లెక్కకూ తేడా పట్టుకున్న రోజు ఆమెకు చదువు ఎందుకో ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు. పాఠం చెప్పిన పిల్లకూ అంతే.

ఎమ్మిగనూరులో మగ్గం ఇళ్లున్న వీధుల్లో వేరే లెక్క. నేత పనిలో ఆడవాళ్ల చెయ్యి ఇంటి పనికీ మగ్గం పనికీ మధ్య రోజంతా తిరుగుతుంది. సాయంత్రం ఏడు గంటలని బయటివాళ్లు నిర్ణయిస్తే కుదరదు. మధ్యాహ్నం అన్నాల తర్వాత ముప్పావు గంట దొరకొచ్చు. అడిగితే తెలుస్తుంది.

ఉర్దూ ఇళ్ల విషయంలో ఒక మాట. రంజాన్ నెలలో సాయంత్రం తరగతి పెట్టడం వృథా. ఇఫ్తార్ పనులు, తర్వాత తరావీహ్. చెప్పేవాళ్లకూ కుదరదు, వినేవాళ్లకూ కుదరదు. వచ్చే ఏడాది రంజాన్ ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి రెండో వారం దాకా ఉంటుంది. అంటే మార్చి పరీక్షకు ముందు నెల సరిగ్గా అదే. జొహర్ తర్వాత పెట్టుకుంటే ఆ నెలా నడుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. సర్వే కాగితం మీద నిరక్షరాస్యురాలని రాసిన ఎందరో ఆపాలు ఖురాన్‌ను గలగలా చదువుతారు. అక్షరాన్ని శబ్దంగా మార్చడం వాళ్లకు వచ్చు. వాళ్లకు తెలియనిది తెలుగు లిపి, ఎడమ నుంచి కుడికి చదవడం, బస్సు బోర్డు, బ్యాంకు చీటీ. అలాంటి యాభై ఏళ్ల ఆమె చేతికి పలక ఇచ్చి "అ దిద్దమ్మా" అంటే ఆమె రెండో రోజు రాదు. ముందు "ఆపా, మీకు ఏం చదవడం వచ్చు?" అని అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టిన వాలంటీర్‌కు ఆమే ఇంకో నలుగురిని తీసుకొస్తుంది. ఆ గల్లీలోని ఉర్దూ తెలిసిన కోడలునో కూతురునో బృందంలోకి తీసుకుంటే ఈ విషయం శిక్షణలో చెప్పాల్సిన పని కూడా లేదు, ఆమెకు ముందే తెలుసు.

చేతి డబ్బు

ఉచితంగా చెప్పడం వేరు, సొంత డబ్బు పెట్టి చెప్పడం వేరు. సుద్దముక్కలు, నోటుబుక్కులు, ఆటో చార్జీ, ఫోన్ రీచార్జి, కరెంటు పోతే బల్బు కలిపి నెలకు మూడు నాలుగు వందలు తేలిగ్గా అవుతాయి. ఇది అడగడానికి ఏ వాలంటీరూ నోరు తెరవదు. "సేవకొచ్చి డబ్బులడుగుతోంది" అంటారని భయం. అందుకే పేదింటి పిల్లలే ముందుగా మానేస్తారు, కలిగినవాళ్లే మిగులుతారు, చివరికి గల్లీ తెలియని వాలంటీర్లు మిగులుతారు. ఈ డబ్బు అడగకముందే ఇచ్చే ఏర్పాటు ఉండాలి. పథకంలో లేకపోతే మసీదు కమిటీ, డ్వాక్రా సంఘం, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఎవరో ఒకరు పూచీ పడాలి. అది జీతం కాదు, చేతి నుంచి పోయింది చేతికి రావడం. అమ్మాయిలకైతే ఇంకోటి: తరగతి అయ్యాక ఇంటిదాకా ఎవరు తోడొస్తారన్నది ముందే తేలాలి. తేలకపోతే నాన్నో అన్నో రెండో వారమే ఆపేస్తారు, ఆ కారణం రికార్డులో ఎక్కడా కనపడదు.

పని నిజంగా నడుస్తోందా లేదా అని పై అధికారి ఎలా తెలుసుకోవాలి? హాజరు చూడండి. ప్రతిరోజూ పదికి పది మంది, ఒకే ఇంకు, ఒకే చేతిరాత ఉంటే ఆ తరగతి లేనట్టే. నిజమైన గుంపు హాజరు ఎగుడుదిగుడుగా ఉంటుంది. సంత రోజు నలుగురు, అమావాస్య మరుసటి రోజు తొమ్మిది మంది, విత్తనాల వారం సున్నా. ఈ సున్నాను చూసి తిట్టే అధికారికి వచ్చే నెల నుంచి పదికి పదే కనిపిస్తుంది. అంటే వాలంటీర్ అబద్ధం నేర్చుకుంది. జీతం తీసుకునేవాడు అబద్ధపు లెక్క రాస్తే అది భయం వల్ల కావచ్చు. జీతం లేని మనిషి రాసిందంటే మాత్రం, ఆమె మనసులో ఆ పని అప్పటికే వదిలేసినట్టు.

ఇంత చెప్పాక ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. ఎంత బాగా నడిపినా ఉచిత సేవతో తీరని పని ఉంది. వలస కుటుంబాల పిల్లలకు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు, టీచర్లు లేని బడులు వాలంటీర్లతో పూరించేవి కావు. ఇవాళ్టి పిల్లలు బడి మానేస్తే పదేళ్ల తర్వాత మళ్లీ వాళ్లకే ఉల్లాస్ పెట్టాలి. పడమటి మండలాల్లో పెద్దల చదువును ఉచిత శ్రమ మీద నడపడానికి ప్రభుత్వానికి కాస్తయినా నైతిక హక్కు ఉండాలంటే, పిల్లల చదువుకు జీతం ఇచ్చి మనుషులను పెట్టాలి.

పథకానికి మిగిలిన కాలంలో ఈ ప్రాంతంలో ఒక్క పూర్తి విడత నడిపే వీలుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ పరీక్ష తేదీని జిల్లా అధికారులు పత్తి తీతలకు ముందు ఖరారు చేయించగలిగితే, తరగతులు మొదలుకాకముందే వాలంటీర్లకు ఆ తేదీ చెప్పగలిగితే, ఈ ముగ్గురి లెక్క పనిచేస్తుంది.